గొంతు నాదే, మాట నాది కాదు

ఇరవై ఎనిమిదేళ్లకే రిటైరయ్యాను. నేను కావాలని కాలేదు, చేశారు. పెన్షన్ లేదు, శాలువా లేదు, గోడ గడియారం కూడా ఇవ్వలేదు. కాబట్టి ఉద్యోగ జ్ఞాపకాలు రాసే హక్కు నాకూ వచ్చిందనే అనుకుంటున్నాను. నాకంటే చిన్నవాళ్లు, రేపోమాపో నాలాగే ఒక వీడియో కాల్‌లో రిటైరయ్యేవాళ్లు, ఇది చదివితే చాలు. పెద్దవాళ్లు చదవకపోయినా ఫర్వాలేదు. వాళ్లెటూ జాలి పడతారు.

మా కంపెనీ రైతులకు ఫోన్‌లో సలహాలు ఇచ్చే యాప్ నడిపేది. చేలో ఏ తెగులు వచ్చినా యాప్ తెరిచి అడగడమే. మందు కూడా అందులోనే అమ్ముతారు, ఇంటికి తెచ్చిస్తారు. సలహా ఉచితం, మందు మాత్రం కాదు. నేను నరసరావుపేటలో ఉంటూ శావల్యాపురం వైపు ఊళ్లన్నీ చూసేవాణ్ణి. అగ్రికల్చర్ డిప్లొమా, ఒక బైకు, కంపెనీ సిమ్, కంపెనీ ట్యాబ్. యాప్‌లో నా ఫొటో కింద ‘మీ ఊరి నిపుణుడు’ అని ఉండేది. ఆ ఫొటో చూసి మా అమ్మ ఏడ్చింది. గర్వంతో అనుకున్నాను. చొక్కా ఇస్త్రీ లేదని ఏడ్చిందట.

మిర్చి రైతు దగ్గర నా పనంతా ఒక ప్రశ్నతో మొదలయ్యేది: ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? పైకి ముడిస్తే తామర పురుగు. కిందికి వంగితే నల్లి. రెండూ కంటికి సరిగా ఆనవు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు సరికదా, కొన్ని మందులైతే నల్లిని ఇంకా పెంచుతాయి. రైతులకు ఇది తెలియదని కాదు. చేను చూసి గుండె జారినప్పుడు ‘ముడత వచ్చింది’ అనే మాట ఒక్కటే నోటికొస్తుంది. అప్పుడు పక్కన నిలబడి నిదానంగా అడిగేవాడు ఒకడు ఉండాలి. ఆ అడగడానికే నాకు జీతం.

ఒకసారి మా మేనేజర్‌కి ఓ ఆలోచన వచ్చింది. మేమందరం మా యాసలో చిన్న చిన్న సలహాలు మాట్లాడి రికార్డు చేసి పంపాలి. “నీ వాయిస్‌లో మట్టి వాసన ఉంది బ్రో” అన్నాడాయన. మా వీధి కాలవ పక్కన కూర్చుని రికార్డు చేశాను కాబట్టి వేరే వాసన కూడా ఉండి ఉంటుంది. సీజనంతా పంపాను. రైతులకు నచ్చాయి. నాకూ నచ్చాయి. ఇక్కడ అబద్ధమాడి ప్రయోజనం లేదు.

ఇక తీసేసిన రోజు. ‘చిన్న మాట’ అనే పేరుతో పిలుపు వచ్చింది. కంపెనీలో చిన్న మాట అంటే పెద్ద దెబ్బ అని మీరు రాసి పెట్టుకోవచ్చు. తెర మీద మేనేజర్, హెచ్ఆర్ మేడం, మా లాంటి క్షేత్ర సిబ్బంది అందరూ. మా అందరి మైకులూ వాళ్లే మూసి ఉంచారు. పెట్టుబడి పెట్టేవాళ్లు ఆగిపోయారనీ, క్షేత్ర విభాగం మొత్తం ఎత్తేస్తున్నామనీ, ఇది మా పనితనం మీద తీర్పు కాదనీ మేడం చదివింది. మాట్లాడలేదు, చదివింది. కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం కనిపిస్తూనే ఉంది. చివర్లో మేనేజర్ “మనం ఒక కుటుంబం” అన్నాడు. మా కుటుంబంలో ఎవరినైనా వెళ్లగొట్టాలంటే కనీసం మైకు ఆపరు. ఎదుటివాడు కూడా తిట్టేదాకా ఆగుతారు.

తర్వాత ఒక్కొక్కరికీ విడిగా ఫోన్. మేడం నాతో అన్నది ఇది: “మేం తీసేసినట్టు రికార్డులో పడితే మీ కెరీర్‌కి మంచిది కాదు. మీరే రాజీనామా పెట్టేయండి. పోర్టల్‌లో బటన్ ఉంటుంది.”

మన మంచి కోరి చెప్పినట్టే ఉంటుంది. అసలు సంగతి వేరు. రాజీనామా అయితే వాళ్ల లెక్కలో ఎవర్నీ తీసేసినట్టు కాదు. నోటీసు గొడవ ఉండదు. రేపు ఎవరడిగినా ‘ఆయనే వెళ్లిపోయాడు’ అనొచ్చు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ఒక్క పేరా రెండుసార్లు చదువుకోండి.

నేను బటన్ నొక్కలేదు. ఇందులో వీరత్వం వెతకకండి. పోర్టల్ తెరవబోతే ‘మీకు అనుమతి లేదు’ అని వచ్చింది. నన్ను ఎంత చురుగ్గా తీసేశారంటే, రాజీనామా చేసే దారి కూడా మూసేశారు. ఆ మాటే మేడంకి చెప్పాను. “పర్సనల్ మెయిల్ నుంచి పంపండి పోనీ” అంది. పంపుతానన్నాను. ఇప్పటికీ పంపుతూనే ఉన్నాను.

రెండు రోజుల్లో సిమ్, ట్యాబ్ కొరియర్లో వెనక్కి పోయాయి. వాటితో పాటు నా రైతుల నంబర్లన్నీ పోయాయి. ఆ సాయంత్రమే మేడం దగ్గర్నుంచి ఇంకో సాయం వచ్చింది. సోషల్ మీడియాలో పెట్టుకోవడానికి తయారుగా ఉన్న క్యాప్షన్. కంపెనీకి కృతజ్ఞతలు, మరువలేని ప్రయాణం, కొత్త అధ్యాయం, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ‘తీసేశారు’ అనే మాట అందులో ఎక్కడా లేదు. అది చదివితే నేను లాటరీ తగిలి హిమాలయాలకు వెళ్తున్నానేమో అనిపించింది.

సరే, క్యాప్షన్ ఎలాగూ పెట్టాలి. ఎందుకంటే ఈలోపు మా అమ్మ చర్చిలో ప్రార్థన విన్నపం ఇచ్చేసింది. ఆదివారం పాస్టర్ గారు మైకులో “ఉద్యోగం పోయి కృంగిపోయిన మన యౌవన సహోదరుని కొరకు” అని మొదలుపెట్టేసరికి సంఘమంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను ఆ క్షణానికి చెప్పులు ఎక్కడ వదిలానా అని ఆలోచిస్తున్నాను. కృంగిపోయిన ముఖం వెంటనే పెట్టలేకపోయాను. బయటికి రాగానే ఒకాయన భుజం మీద చెయ్యేసి, తన అల్లుడి మేనమామ పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర గుమాస్తా కోసం చూస్తున్నాడన్నాడు. ఇంకొకామె కిలో జామకాయలు ఇచ్చింది. జామకాయలు తిన్నాను. కానీ కోపం తగ్గలేదు. నన్ను చూసి ఎవరూ ‘అన్యాయం’ అనడం లేదు, అందరూ ‘అయ్యో’ అంటున్నారు. ఈ రెండు మాటల మధ్య చానా దూరం ఉంది.

మా వైపు ఎవరూ పెద్ద పెద్ద వేదికల మీద పోస్టులు చదవరు. వాట్సాప్ స్టేటస్ చూస్తారు. అందుకని నా స్నేహితుడి ఫ్లెక్సీల కొట్టుకి వెళ్లాను. వాడి దగ్గర అన్నిటికీ నమూనాలు ఉంటాయి.

“లేఆఫ్‌కి లేదురా” అన్నాడు వాడు, కంప్యూటర్ అంతా వెతికి. “పుట్టినరోజు ఉంది. గృహప్రవేశం ఉంది. పార్టీలో చేరింది ఉంది. పార్టీ మారింది కూడా ఉంది. కన్నీటి నివాళి ఉంది. అది నీకు దగ్గర్లో ఉంటది, పేరు మారిస్తే సాలు.”

“ఒరేయ్, నేను బతికే ఉన్నా.”

“దండ తీసేత్తాలే.”

తీసేశాడు. దండ లేకపోయినా వెనక మబ్బులు, కిందికి దిగుతున్న పావురం ఉన్నాయి. దానికి వాడే రాశాడు: “కాలం కొట్టిన దెబ్బకు కుంగను, పడి లేచే కెరటాన్ని నేను.” నరసరావుపేటకి కెరటాలు ఎక్కడివిరా అంటే, సాగర్ కాలవ లేదా అన్నాడు.

ఇంటికొచ్చి నేనే రాయడానికి కూర్చున్నాను. మొదటిది తిట్లు. చదువుకోవడానికి బావుంది, పెట్టడానికి బాలేదు. రెండోది జోకులు. ‘కొత్తగా ఖాళీ అయిన నిపుణుడు, మీ ఊరికి వచ్చి టీ తాగబడును’ లాంటివి. నవ్వొచ్చింది. కానీ మళ్లీ చదివితే ప్రతి జోకు వెనకా చిన్న చెయ్యి ఒకటి చాపి ఉంది: నన్ను చూడండి, ఎంత ధైర్యంగా నవ్వుతున్నానో చూడండి. అదీ అడుక్కోవడమే, కాకపోతే చొక్కా ఇస్త్రీ చేసి అడుక్కోవడం. మూడోది ‘అవకాశాలుంటే చెప్పగలరు’ అని ముగిసింది. చెరిపేశాను. రాయడానికి ఏమీ మిగల్లేదు. ఒక ఫొటో మాత్రం ఎంచుకున్నాను. మిర్చి చేలో నిలబడి దూరంగా చూస్తున్న నా ఫొటో. దూరంగా ఏముందో గుర్తులేదు. బర్రె అయి ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే గుమ్మంలో కేక.

“ఏమయ్యా నిపుణుడా! ఉన్నావా ఇంట్లో?”

శావల్యాపురం దగ్గర కౌలుకి మిర్చి వేసే పిన్ని. వరసకి కాదు, పిలుపుకి పిన్ని. కిందటేడు మా ఇంటికి ఎండు మిరపకాయలు పంపింది కాబట్టి ఇల్లు తెలుసు. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో మిరప కొమ్మలు. కూర్చోమంటే కూర్చోలేదు.

“నీ మాట ఇని కొట్టా. రెండు తూర్లు కొట్టా. చూడు ఇదెట్టా అయిందో.”

కవర్లోంచి కొమ్మ తీశాను. ఆకులు కిందికి వంగి, గరిటె బోర్లించినట్టు, కాడలు సాగి ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది, నల్లి. “ఏ మందు కొట్టావు పిన్నీ?” అని అడిగాను. చెప్పింది. అది తామర పురుగు మందు.

“దీనికి అదెందుకు కొట్టావు? నేనెప్పుడు చెప్పాను?”

“ఎప్పుడు చెప్పావా?” ఆమె గొంతు పెరిగింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. “నీ ఫోనుకి చేత్తే పన్జెయ్యట్లేదంది. యాప్‌లో అడిగా. నువ్వే చెప్పావు. నీ గొంతు నాకు తెలవదా? ఇను!”

ఫోన్ తీసి నొక్కింది. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. మా ఇంటి గుమ్మంలో నేను మాట్లాడుతున్నాను. చక్కగా, నమ్మకంగా, కాలవ పక్కన కూర్చుని: “మిర్చిలో ఆకు ముడత కనపడంగానే ఆలస్యం చెయ్యమాకండి. తామర పురుగు మందు కొట్టండి. మందు కోసం కింద బటన్ నొక్కండి.”

బటన్ ముక్క నాది కాదు, ఎవరో అతికించారు. మిగతాది నాదే. కాకపోతే నేను మాట్లాడినదాంట్లో ముందు ఇంకో మాట ఉంది: “ఆకు పైకి ముడిచిందా కిందికా ముందు చూసుకోండి, పైకి అయితేనే ఇది.” అది లేదు. పొట్టిగా ఉంటే ఎక్కువమంది వింటారని మొదలు కత్తిరించారు. మనుషుల్ని తీసేశాక అడిగేవాడు లేడు కాబట్టి, యాప్‌లో ఎవరు ‘ముడత’ అన్నా నా ముక్కే వినిపించేలా తగిలించారు. పక్కన నా ఫొటో, కింద ‘మీ ఊరి నిపుణుడు’. నన్ను ఉద్యోగంలోంచి తీశారు, నా గొంతుని మాత్రం ఓవర్‌టైమ్‌లో పెట్టారు.

“పిన్నీ, నన్ను తీసేశారు. అది పాత రికార్డు.”

ఆమె కాసేపు నన్నూ ఫోన్నీ మార్చి మార్చి చూసింది. అయ్యో అంటుందేమో అనుకున్నాను.

“తీసేత్తే చెప్పొద్దా?” అంది. “ఊళ్లో సగం మంది ఇదే ఇంటన్నారు. నువ్వు చెప్పావనే కొడతన్నారు. తీసేసినోడివి నోరు మూసుకుని ఇంట్లో కూకుంటే ఎట్టాగయ్యా?”

పది రోజులుగా నేను నా క్యాప్షన్‌లో నా మొహం ఎలా కనిపించాలా అని చూస్తున్నాను. అక్కడ నా మొహమే మందు అమ్ముతోంది.

ఆమె ఎదురుగానే మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆయన ఉద్యోగం పోలేదు. కుటుంబంలో పెద్దలు ఉండాలి కదా.

“బ్రో, నువ్వు చెప్పింది వాలిడ్. టికెట్ రైజ్ చేయిస్తా” అన్నాడు.

“టికెట్ ఎందుకు సార్, సినిమాకా? ఆ ముక్క ఇప్పుడే ఆపండి. చేలు పోతున్నాయి.”

“ఆ టీమ్‌లో ఎవరూ లేరు బ్రో ఇప్పుడు. వాళ్లూ మీతోనే వెళ్లారు.”

అంటే ఆపేవాళ్లని కూడా తీసేశారు. మేడంకి చేశాను. ఆవిడ చాలా మర్యాదగా, ఉద్యోగంలో ఉండగా చేసిన రికార్డింగులన్నీ కంపెనీ ఆస్తి అని, నేను సంతకం పెట్టానని గుర్తు చేసింది. నిజమే, పెట్టాను. మీరూ పెడతారు, ఎవరూ చదవరు.

“గొంతు మీ ఆస్తే మేడం, ఉంచుకోండి. దాని పక్కన నా ఫొటో ఉంది కదా, జనం నన్ను తిడుతున్నారు. ఆ తిట్లు ఎవరి ఆస్తి?”

“చూడండి, మీ ఫైనల్ సెటిల్‌మెంట్, రిలీవింగ్ లెటర్ ఇంకా ప్రాసెస్‌లో ఉన్నాయి” అంది. బెదిరింపులా అనలేదు. వాతావరణ వార్తలా అంది.

నేను పళ్లు కొరికిన చప్పుడు మా అమ్మకి వినిపించింది. ఉద్యోగం పోయిన రోజు నాకు ఇంత కోపం రాలేదు. అప్పుడు వాళ్లు నా జీతం ఆపారు, అది వాళ్లిచ్చేదే. ఇది వేరు. ఎండలో ఊరూరా తిరిగి, ఒక్కో గట్టు మీద ఒక్కో మనిషి దగ్గర సంపాదించుకున్న నమ్మకం ఇది. దాన్ని కత్తిరించి, బటన్ అతికించి, అమ్ముకుంటున్నారు.

క్యాప్షన్ అప్పుడు వచ్చింది. ఈసారి చెరపడానికి ఏమీ లేదు, ఎందుకంటే నా గురించి చెప్పాల్సింది చానా తక్కువ అని తెలిసింది. ముందు ఏం జరిగింది. తర్వాత ఎందుకు జరిగిందన్నారు. ఆ తర్వాత చదివేవాడికి పనికొచ్చేది. చివర్లో, పరామర్శల్ని గుమ్మంలోనే ఆపే మాట. నా ఫొటో పెట్టబోతుంటే పిన్ని చూసింది.

“నీ మొహమెందుకయ్యా మళ్లా? ఆడ ఉంది సాలదా? ఈ ఆకు పెట్టు. ఎనక్కి తిప్పి, అడుగు కనపడేటట్టు పెట్టు.”

ఆకు పెట్టాను. దూరంగా చూస్తున్న నా ఫొటో ఇప్పటికీ ఎవరూ చూడలేదు. దాని కింద రాసింది ఇది:

“యాప్ కంపెనీ నన్నూ, ఊళ్లల్లో తిరిగే మా జట్టు మొత్తాన్నీ ఉద్యోగంలోంచి తీసేసింది. నేను మానెయ్యలేదు. పని బాలేదని కాదు, డబ్బు చాలక అని చెప్పారు. యాప్‌లో ముడత గురించి వినపడేది నా గొంతే, కానీ అది కత్తిరించిన పాత రికార్డు. దాన్ని నమ్మి మందు కొట్టొద్దు. ఫొటోలోలాగా ఆకు కిందికి వంగితే అది నల్లి, తామర పురుగు కాదు. కొమ్మ తెంపుకుని మండలం వ్యవసాయాఫీసుకి తీసుకెళ్లి చూపించి, వాళ్లు చెప్పిన మందే కొట్టండి. ఈ మాట పక్క చేను వాళ్లకు కూడా చెప్పండి. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. ఉద్యోగాలు చెప్పొద్దు, ఓదార్చొద్దు. కోపంగా ఉన్నాను, అది నేనే చూసుకుంటాను.”

మా ఫ్లెక్సీ వాడు చదివి పెదవి విరిచాడు. “ఒక్క డైలాగు కూడా లేదురా. పావురమైనా పెట్టకపోయావా.” అయినా వాడే మొదట తన స్టేటస్‌లో పెట్టాడు. వాడి స్టేటస్ నాలుగు మండలాల వాళ్లు చూస్తారు, ఎవరి పుట్టినరోజో తెలుసుకోవడానికి. సాయంత్రానికి గురజాలలో, మాచర్లలో నాతో పాటు పోయినవాళ్లు తమ తమ ఆకులతో అదే రాశారు. ఒకడు పత్తి ఆకు పెట్టాడు. వాడి గొంతు పత్తి మందు అమ్ముతోందట.

స్టేటస్ ఒక రోజుకి దానంతటదే పోతుంది. అందుకని రోజూ పొద్దున్నే మళ్లీ పెట్టాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంత క్రమం తప్పకుండా హాజరు వెయ్యలేదు. చర్చిలో భుజం మీద చెయ్యేసినాయన ఈసారి దూరం నుంచే, “కోపంగా ఉన్నావంటగా, తర్వాత కలుస్తాలే బాబూ” అన్నాడు. హాయిగా అనిపించింది.

మేడం ఫోన్ చేసింది, తీసెయ్యమని. రేపటికి అదే పోతుందన్నాను. మర్నాడు చేసింది, మళ్లీ ఎందుకు పెట్టారని. నిన్నటిది పోయింది కాబట్టి అన్నాను. మూడోసారి అసలు మాట అడిగింది: “అసలు మీకేం కావాలి? చెప్పండి, పైవాళ్లతో మాట్లాడతాను.” ఆ ముక్క ఆపడం తప్ప ఏమీ వద్దన్నాను. నమ్మలేదు. ఆవిడ నింపే ఫారంలోని గడుల్లో ‘ఏమీ వద్దు’ అనేది లేదనుకుంటాను.

వారం తిరక్కుండా యాప్‌లోంచి నా గొంతు పోయింది. ఫొటో కూడా పోయింది. క్షమాపణ లేదు, ప్రకటన లేదు. కొత్త వెర్షన్‌లో చిన్న చిన్న లోపాలు సరిచేశామని మాత్రం రాశారు. నేను ఏ సైజు లోపమో అప్పుడు తెలిసింది. రిలీవింగ్ లెటర్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది.

పిన్ని చేను మాత్రం వెర్షన్ మారిస్తే బాగుపడేది కాదు. వ్యవసాయాఫీసులో చూపించి, నల్లి మందు తెచ్చుకుంది. మొదటి కోత సగం కూడా రాదని గట్టు మీద నిలబడి చూస్తేనే తెలుస్తోంది. “నీ మీద కోపం పోలా” అని మొహం మీదే చెప్పింది. “మందు కొట్టే మనిషి దొరకట్లా. రేపు పొద్దున్నే రా.”

వెళ్లాను. అన్నేళ్లు కొట్టండి కొట్టండి అని చెప్పినవాణ్ణి, మందు ట్యాంకు వీపుకి తగిలించుకోవడం అదే మొదటిసారి. మూతికి తువ్వాలు, కాళ్లకి పాత బూట్లు. ఎంత బరువో నా సలహాల్లో ఎక్కడా చెప్పలేదు.

“అడుగున కొట్టయ్యా, ఆకు అడుగున! పైన తడిపితే దానికి తలంటు పోసినట్టే!” పిన్ని గట్టు మీంచి అరుస్తోంది. వంగి వంగి కొడుతున్నాను.

జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. పిన్ని వచ్చి నా జేబులోంచి తీసి, చెయ్యి దూరంగా పెట్టి చూసింది.

“ఎవురో మేడమంట.”

“తీసేసినవాళ్లు. అది సాంకేతిక లోపం, కంపెనీ తప్పేం లేదు అని నన్ను రాసి పెట్టమంటున్నారు. అప్పుడు లెటర్ ఇస్తారంట.”

పిన్ని ఫోన్ ఎత్తింది. నన్ను అడగలేదు.

“అమ్మాయ్, ఆయన చేలో ఉన్నాడు. మీరు చేసింది కడుగుతన్నాడు. ఇంకా చానా ఉంది. పెట్టెయ్.”

ఫోన్ తన కొంగున ముడేసుకుని, నా వైపు తిరిగింది.

“నిలబడ్డావేందయ్యా? కొట్టు.”